భుజం మీద చేయి: కలిపిన ఫోటోలలో స్పర్శ కథ

అమెరికా అధ్యక్షుడు అబ్రహాం లింకన్ 1865లో హత్యకు గురయ్యారు. ఆ తర్వాత సుమారు ఏడేళ్లకు, 1872 ప్రాంతంలో, ఆయన భార్య మేరీ టాడ్ లింకన్ బోస్టన్ నగరంలో విలియం మమ్లర్ అనే ఫోటోగ్రాఫర్ స్టూడియోకు వెళ్లి ఫోటో తీయించుకున్నారు. ఆ ఫోటో ఈనాటికీ ఉంది. నల్లని దుస్తుల్లో ఆమె కూర్చుని ఉంటారు. వెనుక పొగమంచులాంటి ఆకారంలో లింకన్ నిలబడి, రెండు చేతులూ ఆమె భుజాలమీద వేసినట్లు కనిపిస్తారు. చనిపోయినవారి ఆత్మలను ఫోటో తీస్తానని చెప్పుకొని మమ్లర్ డబ్బు సంపాదించాడు. భర్తనూ, ముగ్గురు కొడుకులనూ పోగొట్టుకున్న ఆ తల్లికి ఆ రెండు చేతులు ఎంత ఓదార్పునిచ్చి ఉంటాయో మనం ఊహించవచ్చు.

అయితే ఆ చేతులు నిజంగా భుజాలమీద ఉన్నట్లు అనిపిస్తాయా? ఆ ఫోటో మీకు ఎక్కడైనా దొరికితే కాసేపు పరిశీలనగా చూడండి. వేళ్లు తెల్లగా కనిపిస్తాయి, కాని వాటి కింద నీడ లేదు. దుస్తుల మీద ముడత లేదు. చేయి భుజాన్ని తాకడం లేదు, భుజం ఉన్నచోట చేయి కూడా ఉంది, అంతే. ఈ తేడా ఎక్కడినుంచి వచ్చిందో తెలుసుకుంటే, ఒక గ్రూప్ ఫోటోలో ఒకరి స్థానంలో మరొకరిని పెట్టినప్పుడు, ఆ కొత్త మనిషి పక్కవారి భుజంమీద చేయి వేసి ఉన్నట్లు చూపడం ఎందుకంత కష్టమో అర్థమవుతుంది. ఫోటోలు కలిపే విద్య సుమారు నూట అరవై ఏళ్లకు పైబడినది. ఆ విద్యలో చివరిదాకా లొంగని చోటు ఇదే.

మమ్లర్ తన పద్ధతిని ఎన్నడూ ఒప్పుకోలేదు. 1869లో న్యూయార్క్‌లో అతనిమీద మోసం కేసు విచారణకు వచ్చినప్పుడు ఇతర ఫోటోగ్రాఫర్లు వచ్చి, ఇలాంటి చిత్రాన్ని ఎన్ని రకాలుగా తయారుచేయవచ్చో వివరించారు. సర్కస్ యజమానిగా పేరు పొందిన పి.టి. బార్నమ్ కూడా సాక్ష్యం చెప్పాడు. అబ్రహాం బొగార్డస్ అనే ఫోటోగ్రాఫర్ బార్నమ్‌ను కూర్చోబెట్టి, అతని వెనుక లింకన్ ఆకారం కనిపించే ఫోటో ఒకటి తీసి చూపించాడు. అయినా మమ్లర్ అదే పద్ధతిలో చేశాడని రుజువు చేయలేకపోయారు. అతణ్ణి వదిలివేశారు. వదిలిన మూడేళ్లకే పైన చెప్పిన ఫోటో తయారైంది.

ఆ పద్ధతులన్నింటిలో సులభమైనది డబుల్ ఎక్స్‌పోజర్, అంటే ఒకే గాజుపలకపై రెండుసార్లు కాంతి పడనివ్వడం. ఇక్కడ భౌతికశాస్త్రం ఒక గట్టి హద్దు గీస్తుంది. ఒకసారి పడిన కాంతికి రెండోసారి పడిన కాంతి కలుస్తుందే కాని, మొదటిదానిలోనుంచి ఏమీ తీసివేయదు. అందువల్ల నల్లటి చోట తెల్లని చేయి చక్కగా కనబడుతుంది. తెల్లటి చోట ఇంకొంచెం తెలుపు చేరితే కంటికి తెలియదు. మేరీ లింకన్ నల్లని దుస్తుల్లో ఉండడం మమ్లర్‌కు కలిసివచ్చింది. ఆమె తెల్లని పైట కప్పుకొని వచ్చి ఉంటే ఆ చేతులు దాదాపు మాయమయ్యేవి. మరి నీడ అంటే ఏమిటి? కాంతి తగ్గడం. కాంతిని చేర్చడమే తప్ప తగ్గించడం చేతకాని పద్ధతితో నీడను సృష్టించలేం. నీడ లేనిదే తాకిడి లేదు. దెయ్యాల ఫోటోలలో చేతులు తేలుతున్నట్లు ఉండడానికి కారణం దెయ్యాల స్వభావం కాదు, డబుల్ ఎక్స్‌పోజర్ స్వభావం.

అదే కాలంలో మరోరకం కలపడం కూడా సాగుతూ ఉంది. అందులో మోసం లేదు, అవసరం ఉంది. కెనడాలోని మాంట్రియల్‌లో విలియం నాట్‌మన్ అనే ఫోటోగ్రాఫర్ 1870లో మంచుపై స్కేటింగ్ ఉత్సవం ఒకదాన్ని చిత్రించాడు. సుమారు మూడువందల మంది మనుషులు. ఆనాటి ఎక్స్‌పోజర్‌కు కొన్ని సెకన్లు పట్టేది. అంతమంది మంచుమీద కదలకుండా నిలబడడం అసాధ్యం. కాబట్టి నాట్‌మన్ ముందుగా మొత్తం దృశ్యానికి ఒక నమూనా గీయించేవాడు. ఎవరు ఎక్కడ, ఎటు తిరిగి, ఎంత పరిమాణంలో ఉండాలో అందులో నిర్ణయమయ్యేది. తర్వాత ఒక్కొక్కరినీ స్టూడియోకు రప్పించి, ఆ భంగిమలో నిలబెట్టి, వెలుగు ఒకేవైపునుంచి పడేటట్లు చూసి ఫోటో తీసేవారు. ప్రింట్లను కత్తిరించి, చిత్రకారులు గీసిన నేపథ్యంపై అంటించి, అతుకులను రంగుతో సరిచేసి, ఆ మొత్తాన్ని మళ్లీ ఫోటో తీసేవారు.

ఇక్కడ కాంతి కూడిక లేదు. కత్తిరించిన కాగితం కింద ఉన్నదాన్ని పూర్తిగా కప్పేస్తుంది. చేయి భుజాన్ని కప్పగలదు, చిత్రకారుడి కుంచె దాని కింద నీడ దిద్దగలదు. మమ్లర్‌కు లేని రెండు శక్తులు నాట్‌మన్‌కు ఉన్నాయి. అంతకంటే ముఖ్యమైనది, ఏ ఇద్దరి మధ్య ఏ సంబంధం ఉండాలో కెమెరా తెరవకముందే ఆలోచించి పెట్టుకోవడం. తర్వాత కత్తెరతో సరిచేద్దాంలే అనుకున్నవాడికి ఈ పని సాధ్యపడదు.

అంత నేర్పు లేనివారు, లేదా తీరిక లేనివారు ఏం చేశారు? తాకిడి జోలికే పోలేదు. 1865లో మాథ్యూ బ్రాడీ స్టూడియోలో జనరల్ షెర్మన్, అతని కింది సేనాపతులు కలిసి దిగిన ప్రసిద్ధమైన ఫోటో ఒకటి ఉంది. ఆ రోజు జనరల్ ఫ్రాన్సిస్ బ్లెయిర్ రాలేదు. అతణ్ణి తర్వాత చేర్చారు. ఎక్కడ చేర్చారో గమనించండి: కుడివైపు చివరన, కూర్చున్నట్లుగా. మధ్యలో ఎవరి భుజాన్నీ రాసుకోనక్కరలేని చోటు అది. 1950లో మేరీల్యాండ్ రాష్ట్రంలో సెనేటర్ మిలర్డ్ టైడింగ్స్‌ను ఓడించడానికి ప్రత్యర్థి పక్షం పంచిన పత్రికలో, టైడింగ్స్ కమ్యూనిస్టు నాయకుడు ఎర్ల్ బ్రౌడర్ మాట శ్రద్ధగా వింటున్నట్లు ఒక ఫోటో వేశారు. రెండు వేరువేరు పాత ఫోటోలను పక్కపక్కన కలిపి చేసినది. కలిపిన చిత్రమని కింద ఒక మాట అచ్చువేశారు కాని, చిత్రం చూసినంత శ్రద్ధగా కింది మాట ఎవరు చదువుతారు? టైడింగ్స్ ఎన్నికలో ఓడిపోయాడు. 1951లో సెనేట్ ఉపసంఘం విచారణ జరిపి ఆ ప్రచారాన్ని తప్పుపట్టింది. ఒక మనిషి పదవి పోవడంలో పాలుపంచుకున్న ఆ చిత్రంలో కూడా ఇద్దరూ దగ్గరగా ఉంటారే కాని ఒకరినొకరు తాకరు.

మన దేశంలో కూడా ఈ పని కొత్తది కాదు. పెద్దవారు పోయిన తర్వాత, దంపతులిద్దరూ కలిసి దిగిన ఫోటో లేదని తెలిసి, విడివిడి ఫోటోలు పట్టుకొని స్టూడియోకు వెళ్లి కలిపించుకున్న కుటుంబాలు ఎన్నో. మీ ఇంట్లో అలాంటి పటం ఉంటే చూడండి. సాధారణంగా ఇద్దరూ నిటారుగా, ఎవరి భుజం వారిదే అన్నట్లు ఉంటారు. దాన్ని ఆనాటి మర్యాద అనుకుంటాం. మర్యాద కొంత, స్టూడియోవాడి జాగ్రత్త కొంత.

ఇక కంప్యూటర్ కాలానికి వద్దాం. నాట్‌మన్ కత్తెరకు సమానమైన గణితాన్ని థామస్ పోర్టర్, టామ్ డఫ్ అనే ఇద్దరు 1984లో ఒక పత్రంలో చక్కగా అమర్చారు. చిత్రంలోని ప్రతి బిందువుకూ రంగుతోపాటు, అది కిందిదాన్ని ఎంత భాగం కప్పుతోందో చెప్పే α అనే సంఖ్య ఉంటుంది. పూర్తిగా కప్పితే 1, అసలు కప్పకపోతే 0. పై చిత్రం రంగు F, కింది చిత్రం రంగు B అయితే కనిపించే రంగు ఇది:

C = αF + (1 − α)B

ఈ సూత్రంలోని (1 − α)B అన్న భాగమే మమ్లర్‌కు లేకపోయినది. అక్కడ కిందిది తగ్గి పైదానికి చోటిస్తుంది. 1990లో వచ్చిన ఫోటోషాప్‌కు 1994లో లేయర్లు, అంటే ఒకదానిపై ఒకటి పేర్చిన పారదర్శక పొరలు చేరాయి. దాంతో ఈ సూత్రం ప్రతి ఫోటో స్టూడియోలోకీ వచ్చేసింది.

ఇప్పుడు మనం ఒక ఉదాహరణ తీసుకుని మొదటినుంచి చివరిదాకా చేద్దాం. కాలేజీ చివరిరోజున ఐదుగురు స్నేహితులు వరుసగా నిలబడి ఫోటో దిగారు. వారిలో ఒకరికి జ్వరం వచ్చి రాలేకపోయాడు. అతని కోసం ఖాళీ ఉంచకుండా, మధ్యలో మరొక విద్యార్థి నిలబడి, తన ఎడమచేతిని పక్కవాడి మెడ వెనుకగా తీసుకెళ్లి అవతలి భుజంమీద వేశాడు. ఇప్పుడు మధ్యలోని ఆ మనిషిని తీసి, రాలేకపోయిన స్నేహితుణ్ణి పెట్టాలి. వీరిని పాత మనిషి, కొత్త మనిషి, పక్క మనిషి అని పిలుద్దాం.

మొదటి తప్పు దాదాపు అందరూ ఇక్కడే చేస్తారు. కొత్త మనిషిని ఒకే పొరగా కత్తిరించి తెచ్చి పెడతారు. ఆ పొర పక్క మనిషికి ముందుంటే, చేయి మొత్తం అతని మెడకు అడ్డంగా కండువాలా వస్తుంది. వెనుకుంటే వేళ్లు కూడా భుజం చాటున మాయమవుతాయి. నిజానికి ఆ చేయి రెండుచోట్లా ఉంది: మోచేయి పక్క మనిషికి వెనుక, వేళ్లు అతనికి ముందు. కాబట్టి కొత్త మనిషిని రెండు ముక్కలు చేయాలి. అడుగున అతని శరీరం, పై చేయి. దానిమీద పాత ఫోటోనుంచే తీసిన పక్క మనిషి. అన్నిటికంటే పైన కొత్త మనిషి వేళ్లు. పూతరేకు మడతల మధ్య బెల్లంలా పక్క మనిషి ఇరుక్కుని ఉంటాడు.

ఇందులో మనకు ఒక సౌకర్యం దొరుకుతుంది. భుజం దగ్గర మొదలైన చేయి పక్క మనిషి మెడ వెనుక కనుమరుగై, అవతల వేళ్లుగా తేలుతుంది. మధ్య భాగం ఎవరికీ కనబడదు, ఆ రెండింటినీ కన్నే కలుపుకుంటుంది. అందువల్ల వేళ్ల స్థానాన్ని కొంతమేరకు స్వేచ్ఛగా నిర్ణయించవచ్చు. ఎంతమేరకు? భుజం కీలునుంచి వేలికొన వరకు చేయి పొడవు మనిషి ఎత్తులో సుమారు 44 శాతం. 160 సెంటీమీటర్ల మనిషికి అది 70 సెంటీమీటర్లు. పక్క మనిషి భుజాల వెడల్పు 42 సెంటీమీటర్లు, ఇద్దరి మధ్య దూరం 8 అనుకుంటే 50 అయింది. మెడ వెనుక చుట్టి రావడానికి, మోచేయి వంపుకు మిగిలిన 20 సరిపోతుంది. ఇద్దరి మధ్య దూరం 30 సెంటీమీటర్లు ఉంటే మాత్రం లెక్క 72 దాటిపోతుంది. ఆ చేయి అక్కడికి చేరదు. చూసేవారు ఈ లెక్క వేయరు కాని, ఏదో తేడాగా ఉందని వారికి వెంటనే తెలిసిపోతుంది. ఆ చేయి ఎవరిదని అడుగుతారు.

ఎత్తు సంగతి కూడా చూడాలి. భుజం నేలనుంచి, మనిషి ఎత్తులో ఐదింట నాలుగు వంతులకు కొంచెం పైన ఉంటుంది. పక్క మనిషి 172 సెంటీమీటర్లు, కొత్త మనిషి 157 అయితే, వారి భుజాల మధ్య తేడా సుమారు 12 సెంటీమీటర్లు. పొట్టివాడు చేయి పైకెత్తాలి. చేయి ఎత్తినప్పుడు అతని భుజమే పైకి లేస్తుంది, చొక్కా ఆ పక్క పైకి లాగబడుతుంది, చంక దగ్గరనుంచి ముడతలు వాలుగా పడతాయి. చేతులు కిందికి వేలాడేసి దిగిన ఫోటోను తెచ్చి చేయి మాత్రం పైకి వంచితే ఈ ముడతలు రావు. ఎంత నేర్పున్నవారికైనా అది బొమ్మలాగే వస్తుంది. కొత్త మనిషిని చేయి ఎత్తిన భంగిమలోనే ఫోటో తీయాలి. నాట్‌మన్ నమూనా గీయించడంలోని అంతరార్థం ఇదే.

ఎలా తీయాలి? గాలిలో చేయి పెట్టించి తీస్తే వేళ్లు వంకరగా, బరువు లేకుండా ఉంటాయి. చేయి బరువు మనిషి బరువులో సుమారు ఇరవయ్యో వంతు. 60 కిలోల మనిషికి 3 కిలోలు. అందులో కొంత పక్కవాడి భుజంమీద పడుతుంది. వేళ్ల లోపలివైపు చదునుగా నొక్కుకుంటుంది, వేళ్ల చివరల దగ్గర బట్ట లోపలికి దిగుతుంది. అందుకని కొత్త మనిషి పక్కన, పక్క మనిషంత ఎత్తున్న మరొకరిని నిలబెట్టాలి. ఆ మనిషికి సాదా తెల్లచొక్కా తొడగాలి. కెమెరా ఎత్తు, దూరం, వెలుగు వచ్చే దిక్కు పాత ఫోటోలో ఉన్నట్లే ఉండాలి. అప్పుడు రెండు ఫోటోలు తీయాలి: ఒకటి భుజంమీద చేయి వేసి, మరొకటి నిలబడిన వ్యక్తి కదలకుండా, చేయి తీసేసి.

తెల్లచొక్కా ఎందుకో ఇప్పుడు చూద్దాం. చేయి లేనప్పుడు చొక్కామీద ఒక బిందువు విలువ 220 అనుకోండి. వేలికి ఆనుకుని ఉన్న అదే బిందువు చేయి వేసినప్పుడు 88. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే 0.4. అంటే వేలు అక్కడ వెలుగును ఆ నిష్పత్తిలో తగ్గించింది. రెండు వేళ్ల మందం దూరం జరిగితే 198ని 220తో భాగించి 0.9 వస్తుంది. ఈ నిష్పత్తి చొక్కా రంగును బట్టి ఉండదు. నీడను చొక్కానుంచి ఒలిచి తీసినట్లయింది! ఇప్పుడు పక్క మనిషి నీలం చొక్కాలో అదే చోట ఎరుపు, ఆకుపచ్చ, నీలం విలువలు 60, 90, 150 ఉన్నాయనుకుందాం. మూడింటినీ 0.4తో గుణిస్తే 24, 36, 60. ముదురైంది, కాని నీలంగానే ఉంది. చాలామంది చేసేటట్లు నల్లరంగు కుంచెతో నీడ గీస్తే, లోతుగా గీసినచోట నీలం పోయి బట్టమీద మసి పూసినట్లు కనిపిస్తుంది.

ఫోటోషాప్‌లో ఈ గుణకారం పేరు `Multiply`. తెల్లచొక్కా ముక్కను పక్క మనిషి పొరపైన పెట్టి, పొర పద్ధతిని దానికి మార్చితే చాలు. కాని ముందుగా ఒక పని మరిచిపోకూడదు. నీడ పడని తెల్లచొక్కా విలువ 220 దగ్గరే ఉంటే, అది కూడా కింది చొక్కాను 220/255 చొప్పున, అంటే సుమారు 0.86 రెట్లకు, ముదురు చేసేస్తుంది. భుజంపై ఒక పెద్ద చతురస్రం మరకలా కనబడుతుంది. నీడలేని చోటును 255 దాకా తెల్లబరచిన తర్వాతే గుణించాలి.

తెల్లచొక్కా వ్యక్తి దొరకలేదు, నీడను చేతితోనే దిద్దాలి అంటే, నీడ స్వభావం తెలిసి దిద్దాలి. తాకినచోట నీడ ఒకటి కాదు, రెండు. వేలికీ బట్టకూ మధ్య వెలుగు చొరబడలేని సన్నని గీత ఒకటి, చాలా ముదురుగా ఉంటుంది. దానిచుట్టూ వెడల్పుగా పరుచుకుని క్రమంగా పలచబడే మసక ఒకటి. నేరుగా ఎండ పడితే ఆ మసక అంచు చిన్నది. ఆకాశంలో సూర్యబింబం అర డిగ్రీ వెడల్పు మాత్రమే కనుక, ఒక సెంటీమీటరు ఎత్తునుంచి పడే నీడ అంచు మిల్లీమీటరులో సుమారు పదో వంతే అలుక్కుంటుంది. మబ్బు పట్టినప్పుడు లేదా వరండా నీడలో తీస్తే వెలుగు ఆకాశమంతటినుంచీ వస్తుంది. అప్పుడు మసక దాదాపు వేలి మందమంత, సెంటీమీటరున్నర దాకా పరుచుకుంటుంది. ఫోటోలో 42 సెంటీమీటర్ల భుజాల వెడల్పు 420 బిందువులు ఆక్రమించిందంటే, సెంటీమీటరుకు పది బిందువులు. ఎండలో మసక అంచు ఒక బిందువుకంటే తక్కువ, మబ్బులో పదిహేను. ఎండ ఫోటోలో పదిహేను బిందువుల మసక పెడితే చేయి భుజానికి పైన గాలిలో తేలుతుంది. చేయి తేలుతోంది, అయినా నీడ సరిగానే ఉందని చాలామంది తికమకపడతారు. నీడ ఉంది, వెడల్పు తప్పింది.

అంచు సంగతి కూడా ఇలాగే లెక్కతో తేలుతుంది. కొత్త మనిషిని తెల్లగోడ ముందు ఫోటో తీశారనుకోండి. చేతి అంచున ఒక బిందువులో సగం చేయి, సగం గోడ. చేతి విలువ 120, గోడ 240 అయితే ఆ బిందువు 180. దాన్ని అలాగే తెచ్చి, 40 విలువున్న ముదురు చొక్కామీద పెడితే వేళ్లచుట్టూ వెలుగు చారలా కనిపిస్తుంది. నిజంగా అక్కడ ఉండవలసింది పై సూత్రం ప్రకారం 0.5 × 120 + 0.5 × 40, అంటే 80. గోడ రంగును అంచునుంచి తీసివేసి, చేతి రంగును అంచుదాకా సాగదీసి, α మాత్రం 0.5గా ఉంచితే ఈ విలువ తానే వస్తుంది. దీనికంటే తేలిక ఉపాయం, కొత్త మనిషిని పాత ఫోటో నేపథ్యాన్ని పోలిన ముదురు గోడ ముందే నిలబెట్టడం.

ఇప్పటిదాకా కొత్త మనిషి గురించే మాట్లాడుకున్నాం. పక్క మనిషి మాటేమిటి? అతణ్ణి మనం మార్చలేదు, పాత ఫోటోలోనివాడే. అయినా అసలు చిక్కు అతని దగ్గరే ఉంది. పాత మనిషి చేయి తీసేస్తే దాని కింద చొక్కా ఎలా ఉందో మనకు తెలియదు. ఆ ఖాళీని నింపాలి. కొందరు అతని రెండో భుజాన్ని అద్దంలోలా తిప్పి అంటిస్తారు. అలా తిప్పినప్పుడు దానిపై వెలుగు దిక్కు కూడా తిరగబడుతుంది, ఒకే చొక్కామీద రెండు సూర్యులు ప్రకాశిస్తారు. అదృష్టం బాగుంటే చేయి వేయకముందు తీసిన మరో ఫోటో ఉంటుంది. లేకపోతే నా సలహా ఒక్కటే: కొత్త చేతిని సరిగ్గా పాత చేయి ఉన్నచోటే పెట్టండి. పాత చేయి నొక్కిన ముడతలు అక్కడే ఉన్నాయి, కాలర్ అటు లాగబడి ఉంది, భుజం కాస్త కుంగి ఉంది. అవన్నీ నిజమైన బరువుకు పడిన నిజమైన గుర్తులు. కొత్త వేళ్లు వాటిలో ఒదిగిపోతే మనం దిద్దవలసింది వేళ్ల చివరల దగ్గర కొద్దిగా మాత్రమే. చేతిని రెండంగుళాలు జరిపితే, ఏ చేయీ లేనిచోట ముడతలు మిగులుతాయి, చేయి ఉన్నచోట బట్ట ఇస్త్రీ చేసినట్లుంటుంది. ఈ మిగిలిపోయిన ముడతల వల్ల పట్టుబడిన కలపడాలు, నీడ తప్పి పట్టుబడినవాటికంటే తక్కువేమీ కావని నేననుకుంటాను.

ఇంకొంచెం ముందుకు వెళ్లి, పాత మనిషి వేళ్లనే ఉంచేయవచ్చు కదా అని మీలో ఎవరైనా అడగవచ్చు. మంచి ప్రశ్న. మధ్య భాగం కనబడదు కాబట్టి, ముఖం, శరీరం కొత్తవి, వేళ్లు పాతవి అయినా కన్ను కలుపుకుంటుంది. తాకినచోటంతా నిజమైన ఫోటోయే గనుక ఒక్క నీడ కూడా దిద్దనక్కరలేదు. ఇద్దరి చర్మపు రంగు, వయసు దగ్గరగా ఉన్నప్పుడు ఇంతకంటే మంచి మార్గం లేదు. వేలికి ఉంగరం, గోళ్లకు రంగు, మణికట్టుకు గడియారం, చొక్కా చేయి పొడవు మాత్రం సరిచూసుకోవాలి. నిండుచేతుల చొక్కా వేసుకున్న కొత్త మనిషి పక్కవాడి భుజంమీదికి వచ్చేసరికి మణికట్టు పైదాకా ఖాళీ చేతితో కనిపిస్తే పని పాడైనట్లే. రంగులో కొద్ది తేడాను సరిచేయవచ్చు. పదేళ్ల పిల్లవాడి శరీరానికి ముప్పై ఏళ్ల వేళ్లను మాత్రం ఏ పద్ధతీ ఒప్పించలేదు.

పాత వేళ్లను తీసేసి, పెట్టవలసిన కొత్త వేళ్లను మరిచిపోవడం, లేదా తీయవలసిన పాత వేళ్లను వదిలేయడం కూడా జరుగుతూనే ఉంటుంది. పత్రికల్లో, పోస్టర్లలో ఎవరిదో తెలియని నాలుగు వేళ్లు ఒకరి భుజంమీద మిగిలిపోయిన ఫోటోలు మీరు చూసే ఉంటారు. గ్రూప్ ఫోటో మీ చేతికి వచ్చినప్పుడు తలలు లెక్కపెట్టినట్లే చేతులు కూడా లెక్కపెట్టండి. ప్రతి వేళ్ల గుంపునుంచి వెనక్కి వెళ్లి, అది ఏ భుజానికి చేరుతుందో చూడండి. తర్వాత వేళ్ల కింద ముదురు గీత ఉందా, బట్ట వంగిందా అని చూడండి. ఆ తర్వాత ముఖాలమీద వెలుగు. ముక్కు నీడ ఒకరికి ఎడమకూ, పక్కవారికి కుడికీ పడితే ఇద్దరూ ఒకే ఎండలో నిలబడలేదు. 2005లో మైకా జాన్సన్, హనీ ఫరీద్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు, ముఖాలు, శరీరాల అంచుల వెంట వెలుగు మారే తీరును కొలిచి, ఒక్కొక్కరిపై వెలుగు ఏ దిక్కునుంచి పడిందో లెక్కగట్టే పద్ధతిని ప్రకటించారు. ఇద్దరికీ దిక్కులు కలవకపోతే అనుమానించాలి. అయితే మబ్బు రోజున వెలుగు అన్నివైపులనుంచీ వస్తుంది కనుక ఆ పద్ధతికి పట్టు సడలుతుంది. అప్పుడు మళ్లీ వేళ్ల కింది గీతనే చూడాలి. మబ్బు రోజున కూడా అది ఉండి తీరుతుంది.

మన ఉదాహరణలో పని పూర్తయింది. కాలేజీ ఫోటోలో ఐదుగురూ ఉన్నారు. జ్వరంతో రాలేకపోయినవాడు పక్కవాడి భుజంమీద చేయి వేసి నవ్వుతున్నాడు. ఫోటో వెనుక, పెన్సిలుతోనైనా సరే, మధ్యలో ఉన్నతణ్ణి తర్వాత చేర్చామనీ, ఆ రోజు అక్కడ నిలబడినది ఫలానావాడనీ రాసి, తేదీ వేయండి. కాగితం ప్రింటు అయితే వెనుకవైపు, కంప్యూటర్ ఫైలు అయితే దాని పేరులోనే. టైడింగ్స్ ఫోటో కింద వేసినట్లు కంటికి ఆనని అక్షరాలతో కాకుండా, చదవగలిగేంత పెద్దగా రాయండి. నిలబడినవాడికి కూడా ఒక ప్రింటు, మార్చకముందుది, ఇవ్వండి. ఆ వేళ్లు అతనివే అయి ఉండవచ్చు.